మా అక్క ఏదీ ఒత్తలేదు

రామన్నపేటలో మా అక్కను చుట్టాలందరూ ఒత్తులక్క అంటారు. వరసను బట్టి కొందరికి ఒత్తుల వదిన, పిల్లలకు ఒత్తుల పెద్దమ్మ. ఆమె గుడి దీపాలకు పత్తి ఒత్తులు చేసి ఇస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని కొత్తగా వచ్చిన కోడళ్లు అనుకుంటారు. ఒత్తులు చేసే మాట నిజమే. పేరు మాత్రం అందువల్ల రాలేదు. ఫోన్‌లో చూసుకోకుండా ఏదో ఒత్తి పైసలు పోగొట్టుకున్నదని వచ్చింది.

ఆమె ఏదీ ఒత్తలేదు. ఒత్తిందని చెప్పినవాడిని నేను. ఈ మాట నోటితో చెప్పి చూశాను, ఎవరూ నమ్మలేదు. అందుకే రాస్తున్నాను.

మహబూబ్‌నగర్‌లో బస్టాండు ఎదురు సందులో నాకు చిన్న సెల్ షాపు ఉంది. రీచార్జీలు, చార్జర్లు, అద్దాలు వేయడం, పాత ఫోన్‌లోని నంబర్లు కొత్తదాంట్లోకి ఎక్కించడం. నా భార్య పోయి ఎనిమిదేళ్లయింది. పిల్లలు లేరు. షాపు షట్టరు దించి ఇంటికి పోతే, తాళం తీసిన చప్పుడు నాకే పెద్దగా వినబడే ఇల్లు అది. అక్క కూడా ఒక్కతే. బావ చనిపోయాక రామన్నపేటలోనే ఉండిపోయింది. బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. మా అమ్మ నా ఆరో ఏట పోతే నన్ను పెంచింది ఈ అక్కే. నాకంటే పన్నెండేళ్లు పెద్దది.

ఫోన్ పట్టడం ఆమెకు నేనే నేర్పాను. చదువు రాదు, అయినా రంగులు, బొమ్మలు గుర్తుపెట్టుకుంది. పచ్చ గుండ్రం ఒత్తితే మాట, ఎర్రది ఒత్తితే బంద్. రోజూ పొద్దు గూకంగానే ఫోన్ చేసేది. "తిన్నవా?" అని మొదలుపెట్టేది. ఆ రోజు బడిలో ఏం కూర, ఎందరు పిల్లలు వచ్చారు, పప్పు ఉడకలేదని సారు ఏమన్నాడు, అన్నీ చెప్పేది. నేను ఊ కొడుతూ స్టవ్ మీద అన్నం పెట్టుకునేవాణ్ణి. ఆ పావుగంట కోసమే రోజంతా ఎదురుచూసేవాణ్ణని అప్పట్లో నాకు తెలియదు.

కరోనా తగ్గిన తర్వాత ఒక ఎండాకాలం, బడికి సెలవులిచ్చినప్పుడు, అక్క నా దగ్గరికి వచ్చి వారం రోజులుంది. మధ్యాహ్నాలు షాపులో కుర్చీ వేసుకుని, ఒళ్లో పత్తి పెట్టుకుని ఒత్తులు చేస్తూ కూర్చునేది. ఒకరోజు ఒక గిరాకీ ఫోన్‌లో ఒగ్గు కథ మోగింది. డోలు చప్పుడు వినగానే అక్క చేతులు ఆగిపోయాయి. చిన్నప్పుడు మా ఊళ్లో దేవుడికి రంగుల ముగ్గుతో పట్నం వేసినప్పుడు, తెల్లవార్లూ చాప మీద కూర్చుని విన్న కథలు గుర్తుకొచ్చినట్టున్నాయి. గిరాకీ పోయాక అడిగింది.

"తమ్మీ, గా కత నా ఫోన్ల వస్తదా?"

"వస్తది. గది కతలు చెప్పే యాప్. నెల దినాలు ఊకెనే ఇస్తడు. నెల ఒడిసినంక పైసలు."

ఆమె ఫోన్‌లో ఆ యాప్ వేశాను. నెల రోజులు ఉచితం, ఆ తర్వాత ఏడాదికి తొమ్మిది వందల తొంభై తొమ్మిది. మొదలుపెట్టాలంటే ముందే బ్యాంకు ఖాతాను జతచేయమంది. పరీక్షకు ఒక్క రూపాయి తీసుకుంటుంది, గడువు తర్వాత సంవత్సరానికొకసారి డబ్బు తానే తీసుకునేలా మన దగ్గర అనుమతి రాయించుకుంటుంది. ఆ అనుమతికి పిన్ను కొట్టాలి.

అక్క ఫోన్ వైపు అనుమానంగా చూసింది.

"ఊకెనే ఇచ్చెటోడు బ్యాంకు సంగతి ఎందుకు అడుగుతాండురా?"

"నెల ఒడిసినంక ఆడే తీస్కునేటందుకు. మనం మల్ల ఏం ఒత్తే పని లేకుంట."

"అడగకుంటనే తీస్కుంటడా?"

"ఇప్పుడు అడుగుతాండు గద. నువ్వు పిన్ను కొడితె ఒప్పుకున్నట్టే లెక్క."

"మరి నాకొద్దు అనుకుంటె?"

"నెల ఒడవక ముందే బంద్ చెయ్యాలె. చేస్తె పైస కట్ కాదు."

"నాకు చేసుడు రాదు. యాదికుంచుకొని నువ్వే చెయ్యాలె."

"చేస్త తియ్."

ఆ మాట మీదే ఆమె పిన్ను కొట్టింది. ఈ మాటలన్నీ ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. మళ్లీ ఏం ఒత్తే పని లేకుండానే పైసలు పోతాయని ఆమెకు చెప్పింది నేనే. అంటే ఆ సంగతి నాకు తెలుసు.

ఇంకొకటి కూడా నాకు తెలుసు. ఆ నెలలోనే అమ్రాబాద్ వైపు నుంచి గొర్లు మేపే ఒకాయన నా షాపుకు వచ్చాడు. భుజం మీద గొంగడి, చేతిలో పగిలిన ఫోన్. ఏదో సినిమాల యాప్ వారం ఉచితమంటే వేసుకున్నాడట. అడవిలో సిగ్నల్ లేక చూడలేదట. తీసేశాను కదా, అయినా పైసలు ఎట్లా కట్ అయినయని అడిగాడు.

"ఎట్ల తీసేసినవ్?" అన్నాను.

"బొమ్మ మీద ఏలు పెట్టి ఒత్తిపట్టి, అవతల పారేసిన."

"బొమ్మ తీసేస్తె బంద్ కాదు, కాకా. బొమ్మ పోతది గని నువ్విచ్చిన ఒప్పుదల ఆడనే ఉంటది. ఇగో, పైసలు పంపే యాప్‌ల ఆటోపే అని ఉంటది. దాన్ల నువ్వు ఒప్పుకున్నయన్ని కనబడుతయి. ఆడ రద్దు చెయ్యాలె. కతల యాప్‌ల, సినిమాల యాప్‌ల ప్లాన్ అని ఉంటది, ఆడ గూడ చెయ్యాలె. గది బంద్ చేసుడంటె."

ఆయన తల గోక్కుని, "గంత కథ ఉందా? నేను ఫోన్ గూడ రెండు దినాలు బంద్ పెట్టిన, ఆనికి దొరకొద్దని" అన్నాడు. షాపులో ఉన్నవాళ్లమంతా నవ్వాం. ఆయనా నవ్వాడు.

మా వైపు బంద్ అన్న మాటకు అంత బరువు. ఫోన్ ఆపేసినా బంద్, షట్టరు దించినా బంద్, మాట్లాడటం మానేసినా బంద్. ఆ రోజు మాటలోని తేడాను అంత బాగా విప్పి చెప్పిన మనిషిని, నెల తిరగక ముందే దాని చాటున దాక్కున్నాను.

అక్క రామన్నపేట పోయాక మా సాయంత్రాల మాటలు మారిపోయాయి. కూరల సంగతి తగ్గింది, కథల సంగతి పెరిగింది. బియ్యంలో రాళ్లు ఏరుతూ ఒక కథ, ఒత్తులు చేస్తూ ఒక కథ. కథ చెప్పేవాడు "ఊ అనండ్రి" అంటే ఒక్కతే ఇంట్లో కూర్చుని ఊ అనేదట. "ఇంట్ల మనిషున్నట్టే ఉంటాందిరా" అన్నది ఒకరోజు. నేను నవ్వి ఊరుకున్నాను. నా ఇంట్లో ఆ మాట చాలాసేపు తిరిగింది.

రోజులు లెక్కపెట్టడానికి తలుపు వెనుక సుద్దతో గీతలు గీసుకుంది. పాలవాడికి గీసినట్టే, రోజుకొకటి. ఒకసారి నేనే అన్నాను, కావాలంటే ఇప్పుడే రద్దు చేయొచ్చు, చేసినా ముప్పై రోజులూ వినొచ్చని ఈ యాప్‌లోనే రాసి ఉందని. కొన్ని యాప్‌లలో రద్దు చేసిన క్షణమే అంతా ఆగిపోతుంది గానీ, ఇది అట్లా కాదు. ఆ పని చేయించాలంటే ఫోన్ నా చేతిలో ఉండాలి. "వచ్చినప్పుడు చేస్త" అన్నాను.

ఇరవై ఎనిమిదో గీత రోజున రామన్నపేట పోయాను. అక్క మరిది కొడుకు కొత్త ఇల్లు కట్టుకున్నాడు, ఆ దావతు. ఆ మరిది నాకు బావ వరస. మనిషి మంచివాడే, నోరు మాత్రం ఆగదు. పదిమందిలో ఎవరినో ఒకరిని ఆడించకుంటే ఆయనకు అన్నం సహించదు.

దావతుకు పోయే ముందు అక్క ఇంట్లో చెప్పులు విడవకముందే ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇగ బంద్ చెయ్యి తమ్మీ. రెండే గీతలున్నయి. కత సగంల ఉన్నది గని, పోనియ్."

"ఏం కత?"

"చెల్లెను అత్తోళ్ల కాడికెళ్లి తోల్కరానీకె అన్న పోతాండు. వాగొచ్చింది. ఆ ఒడ్డున్నే కూసున్నడు. నిన్న ఆడ ఆగింది."

ప్లాన్ పేజీ తెరిచాను. అక్క ఇల్లున్న సందులో సిగ్నల్ అంతంత మాత్రం. తెల్లటి తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉంది. బయట నుంచి బావ కేక వేశాడు. "ఏం రా బామ్మర్దీ, అక్కాతమ్ముళ్ల ముచ్చట ఒడవదా? మటన్ల బొక్కలన్ని పిల్లలే గుంజుకపోతాండ్రు, రా!" ఉక్కపోత. గుండ్రం ఇంకా తిరుగుతోంది. పైసలు పంపే యాప్‌లో అయినా రద్దు చేయొచ్చు, అది కూడా తెరుచుకోలేదు. రెండు నిమిషాలు బయటికి నడిచి, బస్సు రోడ్డు మీద నిలబడితే సిగ్నల్ వచ్చేది. నడవలేదు.

కథల బొమ్మ మీద వేలు పెట్టి ఒత్తిపట్టి, అవతల పారేశాను. గొర్ల కాపరి చేసిన పనే చేశాను. ఆయన తెలియక చేశాడు, నేను తెలిసి చేశాను. బొమ్మ మాయమైంది. అక్క కళ్లకు అదే సాక్ష్యం.

"అయిందా?"

"బంద్ చేసిన."

భోజనమయ్యాక చేద్దామనుకున్నాను. భోజనమయ్యాక బస్సు టైమైంది. బస్సులో నిద్రపోయాను. అంతే, ఇంతకంటే పెద్ద కారణమేమీ లేదు. ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

మరుసటి రోజు పదకొండు గంటలప్పుడు అక్క ఫోన్ చేసింది. పగటిపూట ఎప్పుడూ చేయదు. షాపు నిండా మనుషులు.

"తమ్మీ, ఫోన్ల ఏదో ఇంగ్లీషుల వచ్చింది. టీచరమ్మకు చూపెట్టిన. రేపు నా ఖాతాల కెళ్లి తొమ్మిది వందల తొంభై తొమ్మిది పోతయని ఉన్నదట. కతల యాప్ పేరే ఉన్నదట. మీ తమ్మున్ని అడుగు అన్నది."

ఆ మెసేజ్ మోసపు మెసేజ్ కాదు. అట్లా తానే డబ్బు తీసుకునేముందు కనీసం ఒక రోజు ముందుగా చెప్పాలని నియమం. చెప్పేదే ఇంకా సమయముందని చెప్పడానికి. ఆ రోజు సాయంత్రం దాకా ఎప్పుడు రద్దు చేసినా రూపాయి పోయేది కాదు. టీచరమ్మ ఆమె పక్కనే ఉంది. ఫోన్ ఆమెకు ఇవ్వమంటే, ఎక్కడ ఒత్తాలో మూడు మాటల్లో చెప్పేవాణ్ణి.

అప్పుడు టీచరమ్మకు తెలిసిపోయేది, నేను బంద్ చేయకుండానే చేశానన్నానని. ఎదురుగా నలుగురు గిరాకీలు వింటున్నారు. సెల్ షాపువాడిని, అందరికీ చెప్పేవాణ్ణి.

"అసొంటియి వస్తనే ఉంటయక్కా. నేను బంద్ చేసిన గద? ఫికర్ చెయ్యకు" అన్నాను.

"చేసినవు గద, సరే అయితే" అన్నది. ఆ గొంతులో ఎంత నమ్మకమో ఇప్పటికీ వినబడుతుంది.

ఆ మర్నాడు డబ్బు కట్ అయింది. సాయంత్రం ఫోన్ చేసి చెప్పింది. కోపంగా కాదు, భయంగా చెప్పింది. ఆ డబ్బు పెద్ద మొత్తం కాకపోవచ్చు, నెలనెలా ఆలస్యంగా వచ్చే వంట జీతంలో నుంచి పోయింది. నేను ఆ క్షణంలో ఒప్పుకుని ఉండాల్సింది. కంపెనీకి రాసి, వాడలేదని చెప్పి, వాపసు అడిగి చూడవచ్చు. ఇస్తారో ఇవ్వరో, అడిగితే పోయేదేముంది? ఇవేవీ చేయలేదు. నా నోటి నుంచి వచ్చింది ఒకటే మాట.

"నువ్వేమన్న ఒత్తినవా అక్కా?"

"ఒత్తలేదనే అనుకుంటాన్న. ఆ మెసేజ్ చూడవోతె ఏలు తగిలిందో ఏమో. ఒత్తిన కావచ్చురా."

"గట్లనే అయి ఉంటది. పోనియ్."

రెండు రోజుల తర్వాత ఆమె ఖాతాలో వెయ్యి రూపాయలు వేశాను. ఆమె టీచరమ్మతో, "నా తప్పుకు మా తమ్ముడు కట్టిండు" అని చెప్పిందట. ఆ పొగడ్త కూడా నేను ఉంచుకున్నాను.

ఇక్కడితో ఆగినా బాగుండేది. దసరా పోయాక అదే బావ మనవడికి పుట్టువెంట్రుకలు తీశారు. విందుకు గొర్రె యాటలు కోశారు. వరసగా కూర్చుని తింటుండగా బావ నన్ను పట్టుకున్నాడు.

"ఏం రా, నీది సెల్ షాపాయె, మీ అక్క పైసలే కాపాడకపోతివి. ఊరోళ్లయి ఏం కాపాడుతవ్?"

అందరూ నా వైపు చూశారు. నేను నవ్వుతూ అన్నాను.

"నేనేం చెయ్య బావా, నేను బంద్ చేసి పోయిన. మా అక్కనే ఏదో ఒత్తింది."

బావకు అంత చాలు. "పత్తితోటి ఒత్తులు చేసి చేసి, చెయ్యి ఊకుంటలేదు. ఫోన్‌ను గూడ ఒత్తుతాంది! ఓ ఒత్తులక్కా, జర ఆ చారు గిన్నె ఒత్తకు, మీద పడుతది!"

పంక్తి అంతా పగలబడి నవ్వింది. అక్క చారు వడ్డిస్తోంది. ఆమె తోటికోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అక్క కూడా నవ్వింది. నా ఆకు దగ్గరికి వచ్చినప్పుడు చారు పోసి, "చాలా?" అని అడిగింది. నేను తల ఊపాను. ఆమె ముఖంలోకి చూడలేదు.

అప్పటి నుంచి అక్క ఫోన్ తెర ముట్టలేదు. చార్జింగ్ పెట్టి, గుడ్డలో చుట్టి, గూట్లో దేవుడి పటం పక్కన పెట్టేది. నేను చేస్తే మోగి మోగి ఆగిపోయేది. మొదట్లో రోజూ చేశాను. తర్వాత రెండు రోజులకొకసారి. టీచరమ్మ నంబరుకు చేస్తే, బడి టైములో, పొగలో నిలబడి రెండు మాటలు మాట్లాడేది. "ఏది ఒత్తితె ఏం పోతదో తమ్మీ, నాకెందుకు? మంచిగనే ఉన్న. నువ్వు తిన్నవా?" అనేది. గిన్నెల చప్పుడులో అదీ సరిగా వినబడేది కాదు.

ఆ సంవత్సరం సాయంత్రాలు నేను ఫోన్ చూస్తూ కూర్చునేవాణ్ణి. రింగు అయితే ఉలిక్కిపడి తీసేవాణ్ణి. ఎవరో లోన్ కావాలా అనేవాళ్లు. అన్నం ఒక గుప్పెడు వండితే రెండు పూటలు మిగిలేది. షాపులో మాత్రం మంచి సెల్ షాపువాడిగానే ఉన్నాను. ఎవరైనా ఉచితమని యాప్ వేయించుకుంటే, గడువు తారీకు ఒక అట్టముక్క మీద పెన్నుతో రాసిచ్చి, ఒక రోజు ముందే రమ్మనేవాణ్ణి. వస్తే వాళ్ల ముందే రద్దు చేసి, రద్దయినట్టు వచ్చిన మెసేజ్ చూపించి పంపేవాణ్ణి. ఇప్పటికీ అట్లాగే చేస్తున్నాను. ప్రతిసారీ అక్క గుర్తుకొస్తుంది.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. ఒకరోజు ఎవరికో తారీకు రాసిస్తూ నా చెయ్యి ఆగిపోయింది. అక్కది సంవత్సరం ప్లాన్. ఆ అనుమతి ఇంకా అట్లాగే ఉంది. జూన్‌లో మళ్లీ తొమ్మిది వందల తొంభై తొమ్మిది పోతుంది. ఈసారి ముందు మెసేజ్ వచ్చినా గూట్లో గుడ్డలోనే ఉంటుంది. వాడని కథలకు, ముట్టని ఫోన్‌లో, ఏమీ ఒత్తని మనిషి డబ్బు పోతుంది. పోతే మాత్రం ఒత్తిందనే అంటారు. ఆమె కూడా అదే అనుకుంటుంది.

మరునాడు షాపు తెరవలేదు. రెండు బస్సులు మారి రామన్నపేట పోయాను.

అక్క గడపలో కూర్చుని పత్తి తీస్తోంది. నన్ను చూసి, "చెప్పకుంట వస్తివి, కూర గూడ లేదు" అంటూ లేచింది. తలుపు వెనుక సుద్ద గీతలు ఇంకా ఉన్నాయి. ఇరవై ఎనిమిది. తర్వాతి రెండూ గీయలేదు.

"ఫోన్ తియ్యి అక్కా" అన్నాను. ఆమె గుడ్డతో సహా ఇచ్చింది. చేయి తగలకుండా, వేడి గిన్నె ఇచ్చినట్టు ఇచ్చింది.

ఆమెను వెంటబెట్టుకుని బస్సు రోడ్డు దాకా నడిచాను. అక్కడ హోటలు ముందు బల్ల మీద కూర్చున్నాం. పైసలు పంపే యాప్ తెరిచి ఆటోపేలో చూపించాను. కథల యాప్ పేరు, పోయిన సంవత్సరం నా షాపులో పిన్ను కొట్టిన తారీకు, తర్వాత ఎప్పుడు తీసుకుంటారో ఆ తారీకు. ఇంకా పదకొండు రోజులుంది.

"ఇది ఇంక నడుస్తనే ఉన్నది. నేను బంద్ చెయ్యలే" అన్నాను.

"చేసిన అంటివి గద?"

"బొమ్మ తీసేసిన. బంద్ చేసిన అని అబద్ధం చెప్పిన. నాకు ఎరుకనే."

చౌటుప్పల్ బస్సు వచ్చి, మనుషులను దింపి, పోయింది.

"అయితె నేను ఒత్తలే?"

"ఒత్తలే అక్కా. నువ్వు ఏం ఒత్తలే."

"ఏడాదంత నా ఏలును నేనే తిట్టుకున్నరా" అన్నది. ఏడవలేదు. చూపుడు వేలును రెండో చేత్తో పట్టుకుని కూర్చుంది. "ఆ దినం టీచరమ్మ ముంగట ఒక్క మాట చెప్తె ఏమయ్యేది నీకు?"

కథల యాప్ మళ్లీ వేసి, ప్లాన్ పేజీ తెరిచి, రద్దు అన్న చోటు చూపించాను. "నీ ఏలుతోనే ఒత్తు" అన్నాను. వద్దన్నది. మళ్లీ అడిగాను. చివరికి ఒత్తింది. మళ్లీ డబ్బు తీసుకోరని, పదకొండు రోజుల దాకా వినొచ్చని తెర మీద వచ్చింది. చదివి వినిపించాను. ఆటోపేలో కూడా రద్దు ఒత్తింది. పిన్ను అడిగింది. ఏడాదిగా వాడని పిన్ను, మరిచిపోలేదు. నన్ను అటు తిరగమని, అంకెలు కొట్టింది. రద్దయినట్టు మెసేజ్ వచ్చింది.

"ఇప్పుడు బంద్ అయినట్టా?"

"అయింది."

"నీ మాట కాదు. యాడున్నదో చూపెట్టు."

చూపించాను. అక్షరం అక్షరం మీద వేలు పెట్టించి చదివాను.

అక్కడి నుంచి నేరుగా బావ ఇంటికి పోయాను. అక్క రానన్నది. ఆయన, ఆయన భార్య, కోడలు ఉన్నారు. జరిగింది మొత్తం చెప్పాను. బావ విని, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు మంచోనివిరా. అక్క మీద మాట రావొద్దని నీ నెత్తిన ఏసుకుంటున్నవ్. పైసలు గూడ నువ్వే కడితివంట గద?"

"కాదు బావా, నేను నిజమే చెప్తాన్న."

"సరే సరే. ఏమే, ఒత్తులక్క తమ్మునికి చాయ్ పెట్టు."

ఎంత చెప్పినా ఆ చాయ్ దాకానే వచ్చింది. అబద్ధాన్ని ఒక్క పూటలో నమ్మినవాళ్లు నిజాన్ని నా మంచితనం కింద జమ కట్టారు. తిరిగి వచ్చి అక్కకు చెబితే, "నాకు ఎరుకనే, ఆళ్లు ఇనరని" అన్నది. అన్నం పెట్టింది. ఎదురుగా కూర్చోలేదు. పోయేటప్పుడు "పైలంగ పో" అన్నది, "ఫోన్ చేస్త" అనలేదు.

మహబూబ్‌నగర్ వచ్చాక నేను ఫోన్ చేయలేదు. చేసే ముఖం లేదు. చేస్తే తీస్తుందో లేదో తెలుసుకోవాలన్న ధైర్యం కూడా లేదు. పదకొండు రోజులు షాపు, ఇల్లు, మిగిలిపోయిన అన్నం. పన్నెండో రోజు సాయంత్రం బియ్యం కడుగుతుంటే ఫోన్ మోగింది. మళ్లీ లోన్ వాళ్లనుకుని తడి చేత్తోనే తీశాను.

"తమ్మీ, కత బంద్ అయింది."

గిన్నె పక్కన పెట్టాను.

"ఖాతా చూపిచ్చిన టీచరమ్మకు. పైసలు కట్ కాలే" అన్నది. "ఆ కత మొత్తం ఇన్న. వాగు తగ్గినంక పోయిండురా ఆడు. శానా ఆల్చెం అయింది గని, పోయిండు."

"చెల్లె వచ్చిందా?"

"వచ్చింది. ఇంటిదాక తొవ్వ పొడుగూత మాట్లాడలే."

అటువైపు అక్క ఇంటి గడియారం టిక్ టిక్ వినబడుతోంది. పెట్టేస్తుందేమో అనుకున్నాను.

"తిన్నవా?" అన్నది.